కొడుకు సంతకంతో ఎవరి ప్రాణమూ పోదు: కారుణ్య మరణం మెసేజ్‌కు ఒక నోటరీ లాయరు జవాబు

"సుప్రీంకోర్టు కారుణ్య మరణానికి ఓకే చెప్పేసింది. ఇక మంచాన పడ్డ అమ్మానాన్నలకు పిల్లలు సంతకం పెడితే చాలు, డాక్టరు ఇంజెక్షన్ వేసి పంపించేస్తాడు. ప్రాణం పోసింది దేవుడు, వెంటిలేటర్ తీసినా హత్యే. లివింగ్ విల్ అని ఎవరైనా కాగితం తెస్తే పెద్దవాళ్లు సంతకం పెట్టకండి, ఆస్తి కోసం చంపేస్తారు. అందరికీ షేర్ చేయండి."

తిరుపతిలో లాయరుగా ఉంటూ నోటరీ పని కూడా చేస్తున్నాను. ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకీ వచ్చింది, మా బార్ వాళ్ల గ్రూపులోకీ వచ్చింది. లాయర్లే ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి జవాబు రాయక తప్పలేదు.

ఇంజెక్షన్ సంగతి తేల్చడం సులువు. ప్రాణం తీయడానికి మందు ఎక్కించడం మన దేశంలో నిన్నా నేరమే, ఇవాళా నేరమే. రోగి చేతులు జోడించి అడిగినా నేరం పోదు. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు ఒప్పుకుని ఉంటే హత్య కాస్తా హత్య కాని నరహత్య కిందికి వస్తుంది, అంతే. కోర్టులు ఈ విషయంలో ఎంత గట్టిగా ఉన్నాయో తెలియాలంటే 2004 నాటి హైదరాబాద్ కేసు చాలు. కండరాలు క్షీణించే జబ్బుతో వెంటిలేటర్ మీద ఉన్న పాతికేళ్ల చెస్ ఆటగాడు, తన అవయవాలు పాడవకముందే దానం చేసి వెళ్లిపోతానన్నాడు. తల్లి హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. అడిగింది రోగే, వెనకాల ఆస్తి గొడవ లేదు, అయినా కాదంది. మనిషికి చచ్చే హక్కు లేదని 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు అన్న మాటను, కారుణ్య మరణంపై అదే కోర్టు 2018లో ఇచ్చిన తీర్పు కొట్టేయలేదు. ఎలాగూ ఆగని చావును యంత్రాలతో సాగదీయొద్దని చెప్పుకునే హక్కును మాత్రం గౌరవంగా బతికే హక్కులో చేర్చింది.

సంతకం దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువమంది భయపడుతున్నది దానికే.

పుత్తూరు వైపు నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చారనుకుందాం. వయసు డెబ్బై నాలుగు. మెదడులో పెద్ద రక్తస్రావం. మూడు వారాలుగా వెంటిలేటర్ మీదే ఉన్నాడు, స్పృహ లేదు. లివింగ్ విల్, అంటే చివరి దశలో ఏ చికిత్స వద్దో ముందే చెప్పే కాగితం, రాసి పెట్టుకోలేదు. ఇక చాలించండి అని కొడుకు అడిగాడు. అడిగినంత మాత్రాన ఏమీ జరగదు. ముందు ఆ ఆసుపత్రే ఒక బోర్డు వేయాలి. వైద్యం చేస్తున్న డాక్టరు, ఆ జబ్బుకు సంబంధించిన మరో ఇద్దరు నిపుణులు అందులో ఉంటారు. ఆ ఇద్దరికీ కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలి. కోలుకునే ఆశ లేదని వాళ్లు తేల్చాలి, ఇంట్లోవాళ్లకు విడమరిచి చెప్పి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. ఆ తర్వాత రెండో బోర్డు. దీనిలో జిల్లా ప్రధాన వైద్యాధికారి, అంటే మన దగ్గర డీఎంహెచ్‌ఓ, నియమించిన డాక్టరు ఒకరు, ఇంకో ఇద్దరు నిపుణులు ఉంటారు. మొదటి బోర్డులో కూర్చున్నవాళ్లు ఇందులో ఉండకూడదు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. రెండూ ఔనన్నాక, అమలు చేసే ముందు ఆసుపత్రి ఆ నిర్ణయాన్ని మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. బోర్డు కాదంటే కొడుకు హైకోర్టుకు వెళ్లొచ్చు గానీ డాక్టరును బలవంతపెట్టలేడు. 2018లో పెట్టిన నిబంధనలను 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొంత సులభం చేసింది. అంతకుముందు మేజిస్ట్రేటు స్వయంగా ఆసుపత్రికి వచ్చి చూడాల్సి ఉండేది. సులభం చేశాక మిగిలిన దారే ఇంత పొడుగు.

పైగా ఎవరు అడుగుతున్నారన్నదీ కోర్టు చూస్తుంది. ముంబైలో నర్సు అరుణా శాన్‌బాగ్ 1973లో జరిగిన దాడి తర్వాత దశాబ్దాలపాటు మంచానికే పరిమితమైంది. ఆమెకు ఆహారం ఆపేయమని ఒక రచయిత్రి వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఏళ్ల తరబడి ఒళ్లు తుడిచి, అన్నం మెత్తగా చేసి పెట్టిన ఆసుపత్రి సిబ్బందిదే అంది. వాళ్లు ఆమె బతకాలన్నారు. న్యుమోనియాతో 2015లో ఆమె పోయేదాకా వాళ్లే చూసుకున్నారు.

ఇక దేవుడి మాట. కొండ కింద ఊళ్లో కూర్చుని దాన్ని తేలిగ్గా తీసేయలేను, తీసేయాలనీ లేదు. మనిషి ప్రాణం మనిషి చేతుల్లో లేదన్న నమ్మకం వల్లే మంచాన పడ్డవాళ్లను ఇప్పటికీ ఇళ్లలో చూసుకుంటున్నారు. కానీ ఆ నమ్మకంలోంచి "వెంటిలేటర్ తీస్తే హత్య" అన్నది పుట్టదు. గుడి నుంచి బయటికొచ్చి మెట్ల మీద కాసేపు కూర్చున్నప్పుడు పెద్దలు చదివే శ్లోకంలో మొదటి కోరికే అనాయాసేన మరణం. చంపమని ఎవరూ అడగరు, యాతన పెట్టకుండా తీసుకుపొమ్మని అడుగుతారు. క్రైస్తవుల్లో ఈ విషయంలో చాలా కఠినంగా ఉండే కేథలిక్ చర్చి సంగతే చూడండి. అసాధారణమైన చికిత్సతో ప్రాణాన్ని ఎలాగైనా నిలబెట్టాల్సిన బాధ్యత ఎవరికీ లేదని పోప్ పన్నెండో పయస్ 1957లో మత్తు డాక్టర్లకే చెప్పాడు. ప్రాణం పవిత్రం అన్నంత మాత్రాన ప్రతి ట్యూబూ పవిత్రం అయిపోదు.

చట్టం చూసేది చావుకు కారణం ఏమిటని. ఇంజెక్షన్ వేస్తే చంపింది మందు. కోలుకునే దారి మూసుకుపోయిన మనిషికి యంత్రం తీసేస్తే చంపింది జబ్బు. స్విచ్ ఆపడం కూడా చెయ్యి చేసే పనే కదా అని వాదించే తత్వవేత్తలు ఉన్నారు. వాదనగా అందులో పస ఉంది. అయితే ఆ లెక్కన మొదట్లోనే ట్యూబు వేయకపోవడం ఒప్పు, వేశాక తీయడం తప్పు అవుతుంది. అప్పుడు డాక్టర్లు వేసి చూద్దామనే ధైర్యమే చేయరు, బతకాల్సిన వాళ్లు కూడా పోతారు. ఇంకో మాట, ట్యూబు తీసినంత మాత్రాన వైద్యం ఆగిపోదు. నొప్పి, ఆయాసం తెలియకుండా మార్ఫిన్ ఇస్తారు, నోరు తడుపుతారు, ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోనిస్తారు. మార్ఫిన్ డోసు ఆయాసాన్ని బట్టి పెంచుతారే గానీ ఊపిరి ఆపడానికి కాదు. కేసు షీటులో డోసుల వరస చూస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

ఆస్తి భయం మాత్రం ఉత్తది కాదు. మెసేజ్ రాసినవాళ్లు భయపడిన విషయం సరైనదే, చూపించిన చోటు తప్పు.

లివింగ్ విల్ ఎలా ఉండాలంటే, రాసేవాళ్లు మేజర్ అయి, మతి స్థిమితంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయాలి. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దో స్పష్టంగా ఉండాలి. మాట్లాడలేని స్థితి వస్తే తమ తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లు రాయాలి. ఒకరికంటే ఎక్కువమంది పేర్లు రాయొచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేయాలి. నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. ఇష్టపూర్వకంగానే రాశారని నాకు నమ్మకం కుదిరితేనే నేను ముద్ర వేయాలి.

అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లతో విడిగా మాట్లాడతాను. చంద్రగిరి వైపు నుంచి ఒకావిడ కొడుకుతో వచ్చింది. కాగితం కొడుకే టైపు చేయించి తెచ్చాడు. నేను ఏమడిగినా జవాబు అతనే చెబుతున్నాడు. కిడ్నీలు పాడయ్యాయి, డయాలసిస్ వద్దంటోంది అన్నాడు. టీ తాగి రా నాయనా అని బయటికి పంపి, "అమ్మా, ఇందులో ఏముందో నువ్వు చెప్పు" అన్నాను.

"నా బిడ్డకు బరువు కాకూడదు సార్" అంది.

"డయాలసిస్‌కు డబ్బు కట్టే పని లేకపోతే?"

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. "చేయించుకుంటా సార్, నాకేం చావాలని ఉందా?" అంది.

ముద్ర వేయలేదు. కొడుకు దుర్మార్గుడేమీ కాదు, అప్పుల టెన్షన్‌లో ఉన్నాడు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ చేస్తారన్న సంగతి అతనికి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఒకవేళ నేను ముద్ర వేసినా ఆ కాగితం ఆవిడకు పనిచేసేది కాదు. కోలుకునే ఆశ లేకుండా చివరి దశకు చేరినప్పుడే లివింగ్ విల్ అమల్లోకి వస్తుంది. డయాలసిస్‌తో ఏళ్ల తరబడి తిరిగే మనిషికి అది వర్తించదు. కానీ అలాంటి కాగితం ఇంట్లో ఉంటే రేపు ఎవరో ఒకరు దాన్ని చూపించి డయాలసిస్ మాన్పించేస్తారు.

ఒత్తిడిని ఇలాంటి మాటల్లోనే పట్టుకోవాలి. "నాకు గొంతులో ట్యూబు వద్దు, ఇంట్లోనే పోవాలి" అనేవాళ్లు తమ గురించి మాట్లాడుతున్నారు. "వాళ్లకు భారం కాకూడదు" అనేవాళ్లు ఇంకొకరి లెక్కలు చెబుతున్నారు. నా ప్రాణం నా ఇష్టం అనే వాదన నాకు ఇష్టమే, అయితే ఆ ఇష్టం ఎవరి నోట్లోంచి వస్తోందో చూడకపోతే అది వాదన కాకుండా పోతుంది.

ఇంతకన్నా పెద్ద ఒత్తిడి ఏ కాగితమూ లేకుండానే నడుస్తోంది. ఐసీయూ బిల్లు కట్టలేక, డాక్టరు వద్దన్నా తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టి, అంబులెన్సులో గాలి సంచి నొక్కుకుంటూ ఊరికి తీసుకెళ్లడం మన జిల్లాల్లో చూడనివాళ్లు తక్కువ. అక్కడ బోర్డు లేదు, మార్ఫిన్ లేదు, మేజిస్ట్రేటుకు కబురు లేదు. నిజంగా కొడుకు సంతకం ఒక్కటే సరిపోయే చోటు అదే. ఆ మెసేజ్‌లో దాని ఊసే లేదు.

అప్పటి చిత్తూరు జిల్లాలోనే 2016లో ఒక తండ్రి కాలేయం పాడైన నెలల పాపకు కారుణ్య మరణం ఇప్పించమని తంబళ్లపల్లె కోర్టుకు వెళ్లాడు. అతనికి కావాల్సింది చావు కాదు, కాలేయ మార్పిడికి డబ్బు. విషయం బయటికొచ్చాక ప్రభుత్వం చికిత్స ఖర్చుకు ముందుకొచ్చింది. 2021లో పుంగనూరు కోర్టుకు కొడుకును తీసుకుని ఇలాంటి అర్జీతోనే వచ్చిన తల్లి అంత అదృష్టవంతురాలు కాదు. పిల్లవాడు తిరుగు దారిలోనే పోయాడు.

బోర్డులు తేల్చేది మనిషి కోలుకుంటాడా లేదా అన్నది. ఇంట్లో డబ్బుందా లేదా అన్నది వాళ్ల పని కాదు. ఈ చట్టంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. దాన్ని పూడ్చాల్సింది వైద్యసేవ పథకాలు, నొప్పి తగ్గించే వైద్యం అందించే వార్డులు. సంతకం పెట్టొద్దని పెద్దవాళ్లను భయపెడితే పూడదు. రెండో బోర్డుకు డాక్టర్లను ఎవరు నియమించాలి, ఆసుపత్రులు ఏం చేయాలి అని పక్కనున్న కర్ణాటక 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. మన జిల్లాలో ఆ డాక్టరు ఎవరో డీఎంహెచ్‌ఓ ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు.

లివింగ్ విల్ రాయాలనుకునేవాళ్లు ఒక కాపీ కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీలో ఆ పనికి పెట్టిన అధికారికి, ఒకటి మీరు ఎప్పుడూ చూపించుకునే డాక్టరుకు ఇవ్వండి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. నా దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం కాగితం టైపు చేయించుకుని రాకండి. ఏం కావాలో నోటితో చెప్పండి, రాసేది నేను రాస్తాను.