customer_id లేబుల్: పెట్టాలా, వద్దా?

అడిగిన ప్రశ్న: "మా పేమెంట్ సర్వీసు మెట్రిక్స్‌కి customer_id లేబుల్ పెడదామనుకుంటున్నాం. ఉన్నది 50,000 మంది కస్టమర్లే. ఇంతదానికే ప్రోమిథియస్ పడిపోతుందంటున్నారు. నిజమేనా?"

పెట్టాలనేవాడు కిరణ్, ఆ సర్వీసు కోడు రాసేది అతనే. వద్దనేది సుధ, మెట్రిక్స్ సేకరించి దాచే ప్రోమిథియస్ సర్వర్లు చూసుకునేది ఆవిడ. రఫీ ఇద్దరి మధ్యలో దూరాడు.

కిరణ్: సుధ గారూ, నేనూ కాస్త చదువుకునే వచ్చాను. ప్రోమిథియస్‌లో ఒక్కో శాంపిల్ కంప్రెస్ అయ్యాక ఒకటి రెండు బైట్లే. యాభై వేల మందికి అది ఎంతవుతుంది చెప్పండి?

సుధ: శాంపిల్ సంగతి నువ్వన్నట్టే. కానీ బరువు శాంపిల్‌ది కాదు, సిరీస్‌ది. లేబుల్ విలువల ప్రతి కాంబినేషన్‌కీ ఒక సిరీస్. ఇప్పుడు నీ http_request_duration_seconds కి ఎన్ని సిరీస్‌లున్నాయో చూశావా?

కిరణ్: రూట్లు 20, స్టేటస్ కోడ్‌లు 5, పాడ్‌లు 6. అన్నీ కలిపితే 600.

సుధ: అది హిస్టోగ్రామ్ కదా. గో లైబ్రరీలో డిఫాల్ట్ బకెట్లు 11, దానిపైన +Inf ఒకటి, తర్వాత _sum, _count. అంటే ఒక్కో కాంబినేషన్‌కి 14 సిరీస్‌లు. నీ 600 కాస్తా 8,400. ఇది ఏ ఇబ్బందీ లేని లెక్క. దీన్ని 50,000తో గుణిస్తే...

కిరణ్: ఆగండి, ఆ గుణకారం ఒప్పుకోను. ప్రతి కస్టమరూ ప్రతి రూట్‌నీ కొట్టడు, ప్రతి పాడ్‌కీ వెళ్లడు, ప్రతి ఎర్రరూ చూడడు. వచ్చిన కాంబినేషన్‌కే సిరీస్ పుడుతుంది. మీరందరూ గరిష్ఠ లెక్క చూపించి భయపెడతారు.

సుధ: సరే, ఆ మాట న్యాయమే. నీ లెక్కే వేద్దాం. ఒక కస్టమర్ మూడు రూట్లు వాడాడు, లోడ్ బ్యాలన్సర్ రెండు పాడ్‌లకు పంపింది, అన్నీ సక్సెస్సే. ఆరు కాంబినేషన్లు, పద్నాలుగుతో గుణిస్తే 84. యాభై వేల మందికి 42 లక్షల సిరీస్‌లు. ఇప్పుడు ఉన్నవి 8,400.

కిరణ్: అంతా ఒకేసారి రారుగా. పొద్దున కొందరు, సాయంత్రం కొందరు.

సుధ: అక్కడే దెబ్బ తింటావు. ఒకసారి ఒక లేబుల్ విలువ వచ్చిందంటే, పాడ్ రీస్టార్ట్ అయ్యేదాకా క్లయింట్ లైబ్రరీ దాన్ని వదలదు. పొద్దున పదింటికి ఒక్కసారి వచ్చిపోయిన కస్టమర్ కూడా రాత్రిదాకా ప్రతి 15 సెకన్లకీ /metrics లో కనిపిస్తూనే ఉంటాడు. 42 లక్షల లైన్లు ఆరు పాడ్‌లకు పంచితే, ప్రోమిథియస్ వచ్చి చదివే ప్రతి స్క్రేప్‌కీ ఒక్కో పాడ్ ఏడు లక్షల లైన్లు కక్కాలి. స్క్రేప్ టైమౌట్ డిఫాల్ట్‌గా 10 సెకన్లు. డేటాబేస్ పడిపోయేకంటే ముందే, స్క్రేప్ అందిందో లేదో చెప్పే up మెట్రిక్ సున్నా అవుతుంది, నీ పాడ్ మెమరీ కూడా పెరుగుతుంది.

రఫీ: మా దగ్గర కూడా ఇదే జరిగింది! మేం వెంటనే రిటెన్షన్ 15 రోజుల నుంచి 3 రోజులకు తగ్గించాం. డిస్క్ చాలా ఖాళీ అయింది, కానీ సర్వర్ మాత్రం రోజూ పడిపోతూనే ఉంది. అది ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

సుధ: మీరు డిస్క్‌కి మందు వేశారు రఫీ గారూ, జబ్బు మెమరీది. ఇప్పుడు నడుస్తున్న సిరీస్‌లన్నీ హెడ్ బ్లాక్‌లో, అంటే ర్యామ్‌లో ఉంటాయి. ఒక్కో సిరీస్‌కి దాని లేబుళ్లు, శాంపిళ్లు రాసుకునే చంక్, ఇండెక్స్‌లో దాని చోటు, అన్నీ కావాలి. పైగా ప్రతి లేబుల్ విలువకీ "ఈ విలువ ఉన్న సిరీస్‌లు ఇవీ" అని ఒక జాబితా ఉంటుంది. సిరీస్‌కి మూడు కిలోబైట్లనుకున్నా 42 లక్షలకి 12 జీబీ దాటుతుంది. అందులో నెల రోజుల పాత డేటా ఒక్క బైటు కూడా లేదు, కాబట్టి రిటెన్షన్ తగ్గిస్తే ఇది తగ్గదు.

రఫీ: రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుండాలిగా మరి?

సుధ: ఉండదు. లేవగానే, పడిపోయినా డేటా పోకుండా డిస్క్‌లో రాసుకున్న డబ్ల్యూఏఎల్ ఫైళ్లు మొదటినుంచి చదివి, అవే సిరీస్‌లను మళ్లీ ర్యామ్‌లో పేరుస్తుంది. చదువుతూనే మెమరీ నిండి చస్తుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ చదువుతుంది. డిప్లాయ్ చేస్తే ఇంకో తంటా. కొత్త పాడ్ పేర్లొస్తాయి కాబట్టి సిరీస్‌లన్నీ కొత్తవే. పాతవి రెండు మూడు గంటలు మెమరీలోనే వేలాడతాయి. మధ్యాహ్నం రెండు డిప్లాయ్‌లు పడ్డాయంటే అంతే సంగతులు.

కిరణ్: సరే, ర్యామ్ ఇంకో 32 జీబీ కొనిపిస్తాను. నాకు కావాల్సింది ఏ కస్టమర్‌కి పేమెంట్ ఫెయిలవుతోందో. అది తెలియకపోతే సపోర్ట్ వాళ్ల ఫోన్లు నేనే ఎత్తాలి.

సుధ: ర్యామ్ పెట్టినా నీకు ఆ జవాబు రాదు. ఈ క్వెరీ రాస్తావనుకుందాం:

```
sum by (customer_id) (
  increase(payment_failures_total[5m])
)
```

ఒక కస్టమర్‌కి ఇవాళ మొదటిసారి ఫెయిలైంది. ఆ సిరీస్ పుట్టడమే 1తో పుట్టింది. అంతకుముందు సున్నా అని ఎవరూ రాయలేదు, అసలు సిరీసే లేదు. ఆ తర్వాత అది 1 దగ్గరే ఉంటుంది. ఎంత పెరిగింది అని increase చూస్తే సున్నా.

కిరణ్: ...అంటే ఒక్కసారి ఫెయిలైనవాడు గ్రాఫ్‌లోనే ఉండడా?

సుధ: ఉంటాడు, సున్నా గీతగా. యాభై వేల మందిలో చాలామందికి రోజుకి ఒకటో రెండో ఫెయిల్యూర్లు. నువ్వు వెతికేది వాళ్లనే. ఆ ఐడీ లాగ్ లైన్‌లో రాయి. మెట్రిక్‌లో error_code ఉంచు, "బ్యాంక్ టైమౌట్లు పెరిగాయి" అని అలర్ట్ వస్తుంది. ఎవరికి అన్నది ఆ అయిదు నిమిషాల లాగ్స్‌లో వెతుక్కో.

కిరణ్: పోనీ, నేను లేబుల్ పెడతాను, మీ వైపు labeldrop రాసేయండి. ఎప్పుడైనా కావాలంటే తీసేయొచ్చు.

సుధ: అది కూడిక చేయదు కిరణ్. customer_id పీకేస్తే ఒకే లేబుళ్లతో వేల లైన్లు మిగులుతాయి. ప్రోమిథియస్ వాటిని కలపదు, డూప్లికేట్లని గొడవ చేస్తుంది, మిగిలిన విలువ తప్పుడుది. తీయాలంటే కోడ్‌లోనే తీయాలి.

రఫీ: మా దాంట్లో దొంగ ఎవరో ఎలా పట్టుకోవాలి? మేమైతే customer_id పెట్టలేదు.

సుధ: ప్రోమిథియస్ స్టేటస్ మెనూలో టీఎస్‌డీబీ స్టేటస్ పేజీ తెరవండి. ఎక్కువ విలువలున్న లేబుళ్లు అక్కడ వరుసగా ఉంటాయి. నా అనుమానం path మీద. రూట్ పేరు బదులు /orders/83412 అని మొత్తం యూఆర్ఎల్ పెట్టేసి ఉంటారు. ఐడీ లేబుల్ పెట్టలేదంటారు గానీ, అది వెనక గుమ్మంలోంచి వచ్చేసి ఉంటుంది.

కిరణ్: నాదొక మధ్యే మార్గం. customer_id వద్దు, merchant_id పెడతాను. మర్చంట్లు 40 మందే. హిస్టోగ్రామ్‌కి కాదు, ఫెయిల్యూర్ కౌంటర్‌కి మాత్రమే.

సుధ: అయితే పెట్టుకో. 40 మందికీ ముందే సున్నాతో మొదలుపెట్టు, అప్పుడు మొదటి ఫెయిల్యూర్ కూడా లెక్కలోకి వస్తుంది. కానీ నా వైపు నీ జాబ్‌కి sample_limit పెడతాను.

కిరణ్: అది మాత్రం కుదరదు. లిమిట్ ఒక్కటి దాటినా ఆ స్క్రేప్ మొత్తం పోతుంది. సేల్ రోజున కొత్త మర్చంట్లు చేరితే, సరిగ్గా ఆ రోజే నా సర్వీసు గ్రాఫులన్నీ ఖాళీ.

సుధ: నీ గ్రాఫులు పోతాయి. లిమిట్ లేకపోతే మిగతా టీములన్నిటివీ పోతాయి.

కిరణ్: అయితే ఎంత పెడతారో చెప్పండి. ఇవాళ ఉన్నదానికి రెట్టింపా, పదింతలా?

సుధ: రెట్టింపు.

కిరణ్: పదింతలు.

రఫీ: మా path లో నాలుగు లక్షల విలువలున్నాయండీ. ఇప్పుడే చూశాను.