‘బకా’కి ఎన్ని మార్కులు?

ప్రశ్న: “జపనీస్ నేర్చుకుంటున్నాను. తెలివితక్కువవాడు అనడానికి బకా, అహో అని రెండు మాటలు వింటున్నాను. హిందీలో, ఇంగ్లీషులో కూడా ఇలాంటివి బోలెడున్నాయి. ఏది సరదాగా అనేది, ఏది గొడవ తెచ్చేది? వరసగా చెప్పగలరా?”

తమ్ముడు: ఎందుకు చెప్పలేం? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తే సరి, మార్కు పెరిగేకొద్దీ మాట ఘాటెక్కుతుంది. హిందీలో బుద్ధూకి ఒకటి, బేవకూఫ్‌కి మూడు, ఉల్లూ కా పట్ఠాకి నాలుగు. జపనీస్‌లో అహోకి రెండు, బకాకి మూడు, బకయారోకి ఐదు.

అక్క: హిందీ వరస చాలావరకు ఒప్పుకుంటాను. బుద్ధూ అని ముద్దుగా కూడా అంటారు. ఉల్లూ కా పట్ఠా అంటే గుడ్లగూబ పిల్ల అని, అలా అన్నామంటే అవతలివాడి తండ్రిని కూడా లాగినట్టే, అందుకే ఒళ్లు మండుతుంది. కానీ అహోకి రెండు మార్కులు ఎవరు వేశారు? ఒసాకావాళ్లా, టోక్యోవాళ్లా?

తమ్ముడు: ఎవరైతే ఏంటక్కా? డిక్షనరీలో రెండింటికీ అర్థం ఒకటేగా.

అక్క: అర్థం ఒకటే, తగిలే దెబ్బ వేరు. ఒసాకాలో స్నేహితులు మాటకి ముందొకటి, వెనకొకటి అహో అనుకుంటారు. ఎవరైనా పిచ్చి జోకు వేస్తే నవ్వుతూ “అహో యా నా” అంటారు, భలే అహోవిరా నువ్వు అన్నట్టు. అదే మనిషిని బకా అని చూడు, మొహం మాడిపోతుంది. నిజంగానే తక్కువ చేసి మాట్లాడినట్టు వినపడుతుంది. టోక్యోలో ఇది తిరగబడుతుంది. అక్కడ బకా రోజూ వినే మాట, అహో అరుదు కాబట్టి గట్టిగా గుచ్చుకుంటుంది.

తమ్ముడు: మా ఆఫీసు నుంచి ఒసాకా వెళ్లిన కుర్రాడికి ఇదే జరిగినట్టుంది. అనిమేలో విన్న బకాని టీమ్‌లో సరదాగా వాడితే అందరూ చప్పున మాట్లాడటం మానేశారట. అయినా దీనికి మందు సులువే. తూర్పున టోక్యో వైపుకి ఒక కాలమ్, పడమర ఒసాకా వైపుకి ఒక కాలమ్.

అక్క: రెండు కాలమ్‌లు చాలవు. 1990లో ఒసాకా టీవీ కార్యక్రమం ఒకటి బకా ఎక్కడ ఆగి అహో ఎక్కడ మొదలవుతుందో చూద్దామని టోక్యో వైపు నుంచి బయల్దేరింది. నగోయా చేరేసరికి రెండూ కాకుండా తవాకె అనే మూడో మాట ఎదురైంది. తర్వాత దేశమంతా ఊళ్ల ఆఫీసులకి ప్రశ్నలు పంపి మ్యాప్ గీస్తే, పాత రాజధాని క్యోటో చుట్టూ వలయాలు కనిపించాయి. అహో మధ్యలో ఉంది. బకా మాత్రం అటు టోక్యో వైపూ, ఇటు పడమటి దూరపు ప్రాంతాల్లోనూ ఉంది. క్యోటోలో పుట్టిన మాట మెల్లగా బయటికి పాకుతూ పోతే, మధ్యలో కొత్త మాట వచ్చి కూర్చుంటుంది. నీ తూర్పు పడమరల గీత ఎక్కడ గీస్తావు?

తమ్ముడు: సరే, బకా సంగతి వదిలేద్దాం. బకయారో ఐదు అవునా కాదా? కొత్తగా నేర్చుకునేవాడికి ముందు ఆ ఎర్ర గీత చూపించాలి కదా.

అక్క: అక్కడ నీతో ఏకీభవిస్తాను. 1953 ఫిబ్రవరి 28న జపాన్ ప్రధాని యోషిదా షిగేరు పార్లమెంటు బడ్జెట్ కమిటీలో ఒక ప్రతిపక్ష సభ్యుడితో వాదనకి దిగి, తన సీట్లో కూర్చుంటూ బకయారో అని గొణిగాడు. అరవలేదు, గొణిగాడంతే. మైకు పట్టేసింది. వెంటనే మాట వెనక్కి తీసుకున్నా లాభం లేకపోయింది. మార్చి 14న అవిశ్వాస తీర్మానం నెగ్గి సభ రద్దయింది. ఇప్పటికీ దాన్ని బకయారో రద్దు అనే అంటారు.

తమ్ముడు: చూశావా, మార్కులు పనికొస్తాయి! ఇంగ్లీషులో అయితే డాక్టర్లే వరస వేశారు. ఇడియట్, ఇంబెసైల్, మోరాన్. అదే తీసుకుంటే సరిపోతుంది.

అక్క: వేసిన మాట నిజమే. మోరాన్ అనే మాటని 1910లో గాడర్డ్ అనే సైకాలజిస్టు తెచ్చాడు. పెద్దవాళ్లయినా మూడేళ్లలోపు పిల్లల బుద్ధి ఉంటే ఇడియట్, ఏడేళ్ల దాకా ఇంబెసైల్, ఎనిమిది నుంచి పన్నెండు అయితే మోరాన్ అనేవారు. ఆ లెక్కన ముగ్గురిలో తెలివైనవాడు మోరాన్. ఇవాళ ఎవరినైనా మోరాన్ అను, తెలివైనవాడినన్నావని సంతోషిస్తాడా? ఇడియట్ అని స్నేహితులు నవ్వుతూ అనుకుంటారు, మోరాన్‌లో మాత్రం ఈసడింపు ఎక్కువ వినపడుతుంది. డాక్టర్లు వేసిన వరసే వందేళ్లు నిలవలేదు.

తమ్ముడు: నిలవకపోతే మళ్లీ దిద్దుతాను. ప్రతి మాట పక్కన ఏ ఊళ్లో, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాస్తాను. అంకె మాత్రం తీసెయ్యను. అది లేకపోతే కొత్తవాడికి దారి దొరకదు.

అక్క: అంకె ఉంటే కొత్తవాడు పక్కన రాసింది చదవడనేదే నా బాధ. బుద్ధూకి ఒకటి అని వేశావు. ఒక జూనియర్ అది చూసి మీటింగులో మేనేజర్‌ని బుద్ధూ అంటే?

తమ్ముడు: అంతకు తెగించేవాడికి ఏ జాబితా ఇచ్చినా అంతేనక్కా. బుద్ధూకి ఒకటే ఉంచుతాను.