ఇడ్లీకి ప్లాట్‌ఫామ్ టికెట్

మొన్న ఆదివారం పొద్దున మా ఇంట్లో ఒక ప్లేట్ ఇడ్లీ, ఒక మసాలా దోశ యాప్‌లో తెప్పించుకున్నాం. అయిన బిల్లు 290 రూపాయల 30 పైసలు. ఆ 30 పైసలు చూశాక నాకు ఆ కంపెనీ మీద భక్తి పెరిగిపోయింది. పది పైసల బిళ్ళ చూసి ఎన్నేళ్ళయిందో కూడా గుర్తులేని జనం దగ్గర ముప్పై పైసలు లెక్కగట్టి మరీ వసూలు చేశారంటే వాళ్ళు ఎంత నిజాయితీపరులై ఉండాలి చెప్పండి. అందుకే ఈ బిల్లుని శ్రద్ధగా, ఒక్కో లైనూ, సత్యనారాయణ వ్రతకథ విన్నట్టు అక్షింతలు చేత్తో పట్టుకుని చదివాను.

అసలు ముందు చదవడానికి బిల్లు కనపడాలి కదా. యాప్‌లో కింద పెద్ద అక్షరాలతో కట్టాల్సిన మొత్తం ఉంటుంది, దాని పక్కన చీమ తలకాయంత బాణం గుర్తు ఒకటి ఉంటుంది, అది నొక్కితే బిల్లు విప్పుకుంటుంది, అందులో "ట్యాక్సులు, ఇతర ఛార్జీలు" అన్నచోట ఇంకో బాణం ఉంటుంది, అది కూడా నొక్కితే లోపల ఉన్నవాళ్ళంతా బయటికొస్తారు. పెళ్ళివారి వ్యాన్‌లోంచి దిగినట్టు దిగుతూనే ఉంటారు.

మొదట ఐటమ్స్. ఇడ్లీ 60, దోశ 110, మొత్తం 170. ఇదే హోటల్లో గోడ మీద బోర్డు రేటు ఇడ్లీ 45, దోశ 80. అంటే ఫోన్లోకి ఎక్కేసరికే 125 కాస్తా 170 అయింది. ఓనరు దొంగ అని నేనూ అనుకున్నాను. తర్వాత ఆయన్నే అడిగితే కౌంటర్ మీద కాలిక్యులేటర్ తీసి చూపించాడు. "మాకు 25 పర్సెంట్ కమీషన్ సార్, 170 మీద 42 రూపాయల 50 పైసలు పోయిందా, ఆ కమీషన్ మీద మళ్ళీ 18 పర్సెంట్ జీఎస్టీ, ఇంకో 7 రూపాయల 65 పైసలు, ఇంక నా చేతికొచ్చేది 119 రూపాయల 85 పైసలు." అంటే నా దగ్గర 45 రూపాయలు ఎక్కువ తీసుకుని కూడా ఆయనకి బోర్డు రేటు కంటే 5 రూపాయలు తక్కువే ముట్టింది. నేను నష్టపోయి, ఆయనా నష్టపోయి, మధ్యలో ఎవరో బాగుపడ్డారు. మా ఊళ్ళో దీన్నే పిల్లుల రొట్టె పంచాయతీ అంటారు, కోతి మాత్రం ఈసారి గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో ఉంది.

తర్వాత ప్యాకేజింగ్ ఛార్జ్, 20. ఇది హోటల్ వాళ్ళు పెట్టేది, వాళ్ళకే పోతుంది, ఐటమ్‌కి పది చొప్పున. నాకర్థం కానిదేంటంటే ఇది వేరే లైన్ ఎందుకు, డబ్బా లేకుండా తెప్పించుకునే ఆప్షన్ ఏమన్నా ఉందా? సాంబారు దోసిట్లో పట్టుకొచ్చి ఇస్తారా, చట్నీ జేబులో పోసుకొస్తారా? సరే, కట్టాం. ఈ డబ్బాలు మా వంటింట్లో ఇప్పటికి ఇరవై ఏడు పోగయ్యాయి, మూతలు పంతొమ్మిదే ఉన్నాయి, ఆ మిగతా ఎనిమిది మూతలు ఎటు పోయాయో ఆ ఛార్జ్ పెట్టినవాళ్ళకే తెలియాలి. ఈ 170కీ, 20కీ కలిపి 5 పర్సెంట్ జీఎస్టీ, తొమ్మిదిన్నర రూపాయలు. డబ్బాకి కూడా ట్యాక్స్ కట్టాను కాబట్టి అది ఇప్పుడు నా ఆస్తే.

ఇక అసలు హీరో, ప్లాట్‌ఫామ్ ఫీజు. 15 రూపాయలు, దాని మీద 18 పర్సెంట్ జీఎస్టీ, ఇంకో 2 రూపాయల 70 పైసలు. ఇది 2023లో మొదలైంది, అప్పుడు 2 రూపాయలు. రెండే కదా అని మనం నవ్వుకున్నాం, తర్వాత 3 అయింది, 5 అయింది, 6 అయింది, 2024 దీపావళి రోజుల్లో పండగ రద్దీ అని చెప్పి 10 చేశారు, పండగ వెళ్ళిపోయింది, పది మాత్రం మన ఇంట్లోనే ఉండిపోయింది, 2025 అయ్యేసరికి 12, 14, 15. రోజుకి లక్షల ఆర్డర్లు వెళ్ళే యాప్‌కి ఒక్క రూపాయి పెంచితే రోజుకి అన్ని లక్షలు, ఇంకో దోశ కూడా కాల్చక్కర్లేదు.

అసలు దేనికి ఈ ఫీజు? ప్లాట్‌ఫామ్ నడపడానికట. నేను ప్లాట్‌ఫామ్ అన్న మాట విన్నది మొదట తెనాలి స్టేషన్లో. అక్కడ ప్లాట్‌ఫామ్ టికెట్ 10 రూపాయలు. ఆ పదికి రెండు గంటలు నిలబడొచ్చు, కూర్చోవచ్చు, పైన ఫ్యాను తిరుగుతుంది, తిరక్కపోయినా ఉంటుంది, కుళాయి ఉంటుంది, బంధువుల సూట్‌కేస్ ఎక్కించొచ్చు, రైలు కదిలాక నాలుగడుగులు పక్కన పరిగెత్తి చెయ్యి ఊపొచ్చు, ఏమీ లేకపోతే బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే రైళ్ళు చూడొచ్చు. పైగా 2024 జులై నుంచి రైల్వే ప్లాట్‌ఫామ్ టికెట్ మీద జీఎస్టీ కూడా తీసేశారు. మన ఇడ్లీ ప్లాట్‌ఫామ్ చూడండి, 15 రూపాయలు, జీఎస్టీ అదనం, నిలబడటానికి చోటు లేదు, బెంచీ లేదు, రైలు లేదు, మనం ఉన్నది మన సోఫా మీదే, మన కరెంటు, మన డేటా, మన ఫోను, అందులో వాళ్ళ యాడ్లు చూస్తూ, వాళ్ళ కొట్లోకి వెళ్ళినందుకు మనమే ఎంట్రీ ఫీజు కట్టాలి. చీరలషాపు వాడు కూడా మెట్లెక్కినందుకు డబ్బులడగడు, పైపెచ్చు కూల్‌డ్రింక్ ఇస్తాడు.

ఇప్పుడు డిస్టెన్స్ సర్‌ఛార్జ్ దగ్గరికొద్దాం, ఇది నేను చచ్చేదాకా మర్చిపోను. మేముండేది కేపీహెచ్‌బీలో, మూడో అంతస్తు. ఈ హోటల్ బ్రాంచ్ మా బాల్కనీ ఎదురుగా, రోడ్డుకి అవతల. నాకు కాలు బెణికి క్రేప్ బ్యాండేజ్ వేసుంది, అమ్మ ఊరినుంచి వచ్చింది, "నేను పోయి తెస్తాలేరా" అంది, "ఈ రోజుల్లో ఎవరు వెళ్తారమ్మా, ఫోన్లో అయిపోద్ది" అన్నాను, ఈ మాటకి నా చెంప నేనే వాయించుకోవాలి. యాప్‌లో ఎదురు బ్రాంచ్ బూడిద రంగులో ఉంది, "ప్రస్తుతం ఆర్డర్లు తీసుకోవడం లేదు" అని. అదే పేరుతో, అదే బొమ్మతో దాని పైన ఇంకోటి వెలుగుతోంది, నేను అదే నొక్కాను. పేరు కింద సన్నగా ఏరియా పేరు, కిలోమీటర్లు రాసుంటాయి, చూడలేదు, మీరు చూడండి. అది మియాపూర్ అవతలి బ్రాంచ్, 6 కిలోమీటర్లు. డెలివరీ ఫీజు 30, దూరం ఎక్కువ కాబట్టి ఇంకో 15.

అమ్మ బాల్కనీలో నిలబడి కామెంటరీ. "ఒరేయ్, ఆయన దోశ పోస్తున్నాడు." అది మూసేశారమ్మా. "మూసేస్తే ఎట్టా పోస్తాడ్రా, ఇదిగో తిరగేశాడు." యాప్‌లో మూసేశారు. "ఇదిగో ఎవరో తింటున్నారు, అల్లప్పచ్చడి కూడా వేశాడు." కావాలంటే చూడు, బూడిద రంగులో ఉంది. "నాకు తెల్లగానే కనపడతందిరా." నేను మ్యాప్‌లో మా ఇడ్లీ మియాపూర్‌లో బయల్దేరడం చూస్తున్నాను, అమ్మ కళ్ళెదురుగా ఇడ్లీ చూస్తోంది. మా ఇద్దరిలో అప్‌డేట్ అయినవాణ్ణి నేనే. ఆ తర్వాత హోటలాయన చెప్పిందేంటంటే, ఆదివారం పొద్దున కూర్చుని తినేవాళ్ళ రష్ తట్టుకోలేక వాళ్ళే ఓ గంటన్నర యాప్ ఆపేస్తారట. మంచిదే, ఆపుకోండి. కానీ కూతవేటు దూరంలో ఉన్నది ఆగిందని చెప్పకుండా ఆరు కిలోమీటర్ల అవతలది పైన పెట్టి, దూరం నా తప్పయినట్టు నా దగ్గర సర్‌ఛార్జ్ లాగటం ఏ లెక్క? నెలవారీ మెంబర్‌షిప్ తీసుకుని ఫ్రీ డెలివరీ అని మురిసిపోయేవాళ్ళు కూడా ఆ ఫ్రీ ఎన్ని కిలోమీటర్ల వరకో ఓసారి చూసుకోండి. ఈ డెలివరీ మొత్తం మీద కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 పర్సెంట్ జీఎస్టీ వచ్చింది, 45 మీద 8 రూపాయల 10 పైసలు. సబ్బులూ షాంపూలూ చవకయ్యాయని టీవీల్లో పండగ చేసింది ఆ రోజే.

ఇంతవరకూ 270 రూపాయల 30 పైసలు. ఇక్కడ ఒక బొమ్మ వస్తుంది. వానలో తడుస్తూ నవ్వుతున్న కుర్రాడు. "మీ డెలివరీ పార్ట్‌నర్‌కి థాంక్స్ చెప్పండి", 20, 30, 50, ఇందులో 30 మీద "ఎక్కువమంది ఇచ్చేది" అని బ్యాడ్జి, కింద "ఇకపై అన్ని ఆర్డర్లకీ ఇదే టిప్" అని ఓ టిక్ పెట్టె. మనిషి ఇంకా బండి స్టార్ట్ కూడా చెయ్యలేదు, దోశ ఇంకా పిండిగానే ఉంది, థాంక్స్ మాత్రం అడ్వాన్స్. 20 నొక్కాను. 290 రూపాయల 30 పైసలు.

కుర్రాడు వచ్చాడు, మూడంతస్తులెక్కి, ఆయాసంతో. మంచినీళ్ళు ఇచ్చి, "తమ్ముడూ, దీనికి నీకెంతొస్తుంది?" అన్నాను. ఫోన్ చూపించాడు, 38. హోటల్‌కి చేరడానికే 2 కిలోమీటర్లు వచ్చాడట, అక్కణ్ణించి 6, ఇప్పుడు మళ్ళీ ఆర్డర్లు పడే చోటుకి వెనక్కి 6, ఈ తిరుగు ప్రయాణానికి ఎవరూ పైసా ఇవ్వరు. పద్నాలుగు కిలోమీటర్లు, బండి లీటరుకి 45 ఇస్తే, హైదరాబాద్‌లో లీటరు 107 చొప్పున 33 రూపాయల పెట్రోలు. మిగిలింది 5 రూపాయలు. టైరూ, బ్రేకూ, ఆయిలూ, ఆ మూడంతస్తుల మెట్లూ, ముప్పావుగంటా అన్నీ కలిపి అయిదు రూపాయలు. నా ప్లాట్‌ఫామ్ ఫీజులో మూడో వంతు!

ఇప్పుడు ఆ తడిసిన కుర్రాడి బొమ్మ సంగతి మాట్లాడుకుందాం. టిప్ అంటే కూలి ఇచ్చాక ఇష్టమై ఇచ్చేది. ఇక్కడ టిప్పే కూలి. నేనిచ్చిన ఇరవై లేకపోతే ఆ మనిషి ఆ పూట అయిదు రూపాయలకి పనిచేశాడు, ఆ సిగ్గు కంపెనీది కాదట, నాదట, నేను టిక్ పెట్టకపోతే నేను కఠినాత్ముణ్ణి. చెయ్యి చాపేది వీళ్ళు, ఆ చెయ్యి మాత్రం అతనిది. అతని మొహాన్నే నా ముందుకి తోసి, వాళ్ళివ్వాల్సింది నాతో ఇప్పించి, పైగా "టిప్ మొత్తం పార్ట్‌నర్‌కే వెళ్తుంది" అని గొప్పగా రాసుకుంటారు. వెళ్ళక? అందులో కూడా ప్లాట్‌ఫామ్ ఫీజు కోసుకుందామనుకున్నారా? పార్ట్‌నర్ అట! 38 రూపాయల పార్ట్‌నర్ ఏ కంపెనీలో ఉంటాడయ్యా, లాభాల్లో వాటా ఎప్పుడిచ్చారు అతనికి, బండి జారిపడితే ఏ పార్ట్‌నర్ ఆస్పత్రికొచ్చాడు? ఉద్యోగి అంటే పీఎఫ్ కట్టాలి కాబట్టి పార్ట్‌నర్, అంతే, సిగ్గులేకపోతే సరి.

సర్లే. దోశ గురించి చెప్పలేదు కదూ, ఆరు కిలోమీటర్లు డబ్బాలో చెమటలు పట్టి తడి తువ్వాలులా వచ్చింది, మడతపెట్టి తిన్నాం.

సోమవారం పొద్దున నేను ఫోన్ తీసేలోపే అమ్మ స్టీలు క్యారేజీ, రెండు వంద నోట్లు పట్టుకుని రోడ్డు దాటేసింది. పది నిమిషాల్లో అదే ఇడ్లీ, అదే దోశ, పొగలు కక్కుతూ, సాంబారు అడక్కుండానే ఇంకో గరిటె. డబ్బా మనదే కాబట్టి పార్శిల్ డబ్బులు కూడా తీసుకోలేదట, 125 పోను 75 టేబుల్ మీద పెట్టింది. పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి అడిగింది, "ఒరేయ్, వాళ్ళు దోశ వేసేదాకా ఆ అరుగు మీద నిలబడ్డాను, దానికేమన్నా కట్టి రావాలంటావా?"