లైటు ఎలుగుతుంది, టోకెన్ మాత్రం లేదట

ఇప్పుడే నర్సంపేట నుంచి వచ్చి కూసున్న. అన్నం కూడ తినలే, ముందు ఈ మంట ఇక్కడ దించుకోవాలె, లేకుంటే ఇంట్లోళ్ల మీద పడేటట్టున్న.

మా సేటు రైస్‌మిల్లు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. బ్యాలెన్స్ షీటు ఫారం, అదే AOC-4, రేపు ఆఖరి తారీఖు. దాటిందంటే రోజుకు 100 రూపాయలు, ఫారంకు ఫారం లెక్క, పైన ఎంతవరకు పోతదో నాకైతే భయమే. నేను హన్మకొండల ఉంట, సేటు డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్ నర్సంపేట మిల్లు ఆఫీసుల కంప్యూటర్‌కు గుచ్చి ఉంటది. మామూలుగ ఏం చేస్త, ఇంట్ల కూసొని రిమోట్ డెస్క్‌టాప్‌తోని ఆ కంప్యూటర్‌ల లాగిన్ అయిత, ట్యాలీ పని అంత గట్లనే నడుస్తది. ఇయ్యాల కూడ గట్లనే పోయిన. కంపెనీల శాఖ పోర్టల్‌ల ఫారం నింపిన, పీడీఎఫ్ దించిన, అడోబ్ రీడర్‌ల తెరిచి సంతకం పెట్టే గడి మీద నొక్కిన. జాబితా ఖాళీ. టోకెన్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే అసలు టోకెనే పెట్టలే అంటుంది.

సేటు కొడుక్కు ఫోన్ చేస్తే "అన్నా, లైటు ఎలుగుతుందే, పెట్టే ఉన్నది" అంటడు. లైటు ఎలుగుతుంది సరే, మరి ఇక్కడ లేదంటున్నదేంది?

సర్టిఫికెట్ అమ్మినోళ్ల సపోర్టుకు ఫోన్ చేసిన. నలభై నిమిషాలు పాట ఇనిపించి ఒక పిల్లగాడు ఎత్తిండు. ఏం చెప్తడో మీకెరికే కదా, "సార్, డ్రైవర్ తీసేసి మళ్ల ఇన్‌స్టాల్ చేయండి". తీసిన, రీస్టార్ట్ చేసిన, పెట్టిన. లేదు. యాంటీవైరస్ ఆపమన్నడు, ఆపిన. లేదు. మూడోసారి అడ్మిన్‌గ పెట్టుమన్నడు, పెట్టిన. services.msc తెరిచి Smart Card సర్వీస్ నడుస్తుందా చూడమన్నడు, నడుస్తుంది. ఇగ ఆఖరికి ఏమన్నడో ఇనుండ్రి: "అడోబ్‌ల Configure New Digital ID అని ఉంటది సార్, అందుల Create a new Digital ID కొట్టండి, వస్తది." వస్తది నాయనా, ఎందుకు రాదు! అది నీకు నువ్వే అచ్చు కొట్టుకున్న సంతకం, దాన్ని ఏ లైసెన్సున్న సంస్థ ఇయ్యలే. అడోబ్ పెట్టనిస్తది, పీడీఎఫ్‌ల అందంగ కనిపిస్తది, పోర్టల్‌ల ఎక్కిస్తే తన్ని పంపిస్తది. జీతం తీసుకొని చెప్తున్నడు ఈ మాట!

గీ లొల్లిల సేటు కొడుకు టోకెన్ సాఫ్ట్‌వేర్ తెరిచి "అన్నా, ఇక్కడ Initialize అని బటన్ ఉన్నది, కొట్టమంటవా?" అన్నడు. నా పానం గొంతులకు వచ్చింది. అది కొడితే టోకెన్ మొత్తం తుడుచుకపోతది, సర్టిఫికెట్ పోతది, దాని తాళం, అదే ప్రైవేట్ కీ, పోతది, ఆ తాళానికి ఇంకెక్కడా నకలు ఉండదు. మళ్ల డబ్బులు కట్టి, సేటును కెమెరా ముందు కూసోబెట్టి వీడియో తీసి, కొత్తది తీసుకునుడే. "చెయ్యి తియ్ తమ్మీ, కంప్యూటర్ కాడికెళ్లి లే" అన్న.

ఇగ లాభం లేదని బండి తీసిన. నలభై కిలోమీటర్లు, గిర్నిబావి దాటంగ వానొకటి. తడుసుకుంట పోయి మిల్లుల అదే కంప్యూటర్ ముందట కూసున్న. ఏం చెయ్యలే, డ్రైవర్ ముట్టలే, టోకెన్ తియ్యలే, పెట్టలే. సాఫ్ట్‌వేర్ తెరిస్తే సేటు పేరు తోని సర్టిఫికెట్ కండ్ల ముందట కూసున్నది!

అప్పుడు ఎలిగింది. తప్పు డ్రైవర్‌ది కాదు, నేను అచ్చిన తొవ్వది. ఆ టోకెన్ చూడనీకె పెన్‌డ్రైవ్ లెక్క ఉంటది గని విండోస్ దాన్ని స్మార్ట్ కార్డు, కార్డు రీడరు అనుకుంటది. రిమోట్ డెస్క్‌టాప్‌ల పోయినమంటే విండోస్ స్మార్ట్ కార్డును నువ్వు కూసున్న కంప్యూటర్‌ల వెతుకుతది, నువ్వు లాగిన్ అయిన దాంట్ల కాదు. అంటే నర్సంపేటల గుచ్చిన టోకెన్‌ను అది హన్మకొండల నా ల్యాప్‌టాప్‌ల దేవులాడింది. పెన్‌డ్రైవ్ అయితే కనిపిస్తుండె, ఇది కనవడదు. డ్రైవర్ నూరుసార్లు పెట్టినా కనవడదు.

ఇట్ల అవునా కాదా అని అనుమానం ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌ల ఇది కొట్టుండ్రి:

```
query session
```

బాణం గుర్తు ఉన్న వరుసల console అని ఉంటే నువ్వు ఆ కంప్యూటర్ ముందటనే కూసున్నట్టు లెక్క, rdp-tcp అని ఉంటే నా గతే. దీనికి మందు రెండే. ఎనీడెస్క్ లాంటిది వాడుడు, అది అక్కడున్న స్క్రీన్‌నే చూపిస్తది కాబట్టి టోకెన్ కనిపిస్తది. లేకుంటే టోకెన్ నీ దగ్గరికే తెప్పించుకొని నీ ల్యాప్‌టాప్‌కు పెట్టి, రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్‌ల Local Resources కింద Smart cards టిక్ పెట్టుడు, డ్రైవర్ మాత్రం అవుతలి కంప్యూటర్‌ల కూడ ఉండాలె. గిదొక్క ముచ్చట ఆ పిల్లగాడు "సార్, మీరు రిమోట్‌ల ఉన్నరా?" అని అడిగితే తేలిపోతుండె. అడగలే. కాగితంల రాసిచ్చిన పది ప్రశ్నలల్ల అది లేదు కావచ్చు.

సంతకం రెండు నిమిషాల్ల అయింది, పీడీఎఫ్ మీద పేరు పడ్డది, ఆడిటర్ సంతకానికి పంపిన. అంతల సేటు చాయ్ తాగుకుంట వచ్చి ఏమన్నడో తెలుసా? "గా పెన్‌డ్రైవ్ పెట్టుడుకు గింత సేపా?"

పెన్‌డ్రైవ్! ఏడేండ్ల సంది ఇదే మాట. జీతం పెంచుమంటే "ఏం చేస్తవ్ తమ్మీ, పెన్‌డ్రైవ్ పెట్టి నొక్కుడే కదా" అంటడు. అయ్యా, అది నీ సంతకం. ఐటీ చట్టం, 2000 సంవత్సరంది, 42వ సెక్షన్‌ల నీ తాళం నీ చేతులనే ఉంచుకోవాలె, బయటపడకుంట జాగ్రత్త పడాలె అని రాసి ఉన్నది. అది పెట్టి ఏ కాగితం మీద సంతకం పడ్డా నువ్వు పెట్టినట్టే లెక్క. నీ చెక్కుబుక్కును బీరువాల పెట్టి తాళమేస్తవ్, చెక్కు మీద సున్నాలు నాలుగుసార్లు లెక్కవెడ్తవ్, దీన్ని మాత్రం యేడాదంత కంప్యూటర్ వెనక గుచ్చి వదిలేస్తవ్, హమాలీ పిల్లగాండ్లు దాని పక్కనే ఫోన్లు చార్జింగ్ పెడ్తరు. పిన్ ఏంది? 12345678. మార్చుమని మూడుసార్లు చెప్పిన. మారిస్తే యాదికుండదట, తప్పు కొట్టుకుంట పోతే లాక్ అయితదట. నిజమే, అయితది. కని గందుకని తలుపు తీసిపెట్టి పడుకుంటరా ఎవ్వలన్న?

గివన్ని మొఖం మీద చెప్పిన్ననుకుంటున్నరా? చెప్పలే. "అయిపోయింది సేటు" అని బండి తాళం తీసిన. గేటు దాక వచ్చిండు. "ప్రతిసారి గింత దూరం ఎందుకు తమ్మీ, ఇది నీ దగ్గరనే ఉంచుకో" అని టోకెన్ పీకి నా షర్టు జేబుల ఏసిండు.

ఇంటికొచ్చి తీసి చూస్తే వెనక తెల్ల స్టిక్కర్ అంటించి ఉన్నది. దాని మీద నీలం పెన్నుతోని, ఒకటి నుంచి ఎనిమిది దాక.