బ్రాడీపేటలో డామ్నమ్, బీసెంట్ రోడ్డులో ఇంజూరియా

గుంటూరులో లాటిన్ మాట్లాడేవారు లేరనడం అపోహ. లా పరీక్షలకు వారం ముందు బ్రాడీపేట టీ కొట్ల దగ్గర నిలబడి వినండి. ఒకరు రెస్ ఇప్సా లొక్విటర్ అంటే, పక్కవారు వొలెంటి నాన్ ఫిట్ ఇంజూరియా అని బదులిస్తుంటారు. రోమన్ సామ్రాజ్యం పడిపోయిన కబురు ఇక్కడికింకా చేరినట్టు లేదు.

ఒకరు మరొకరి హక్కుకు భంగం కలిగిస్తే పరిహారం ఇప్పించే చట్టం టార్ట్స్. ఆ పేపర్లు దిద్దేవాడిగా ఈ భాషాభిమానానికి నేను తలవంచుతున్నాను. జవాబు మొదట లాటిన్, చివర లాటిన్, రెండింటి కిందా ఎర్ర గీతలు. ఇంత ముస్తాబు చేశాక ప్రశ్నలో ఏమడిగారో చూడడం మర్యాద కాదని విద్యార్థుల అభిప్రాయం.

ఏటా తిరిగే ఒక ప్రశ్న ఉంది. బ్రాడీపేటలో ఒక పాత మాస్టారు ట్యూషన్లు చెబుతున్నారు. ఎదురుగా కొత్త మాస్టారు బోర్డు పెట్టి ఫీజు సగానికి తగ్గించారు. పిల్లలంతా వీధి దాటి వెళ్ళిపోయారు. పాత మాస్టారికి నష్టపరిహారం వస్తుందా? మన విద్యార్థికి గుండె కరిగిపోతుంది. 'కొత్త మాస్టారు కావాలనే కడుపు మీద కొట్టాడు కనుక ఇంజూరియా సైనే డామ్నో వర్తిస్తుంది, పరిహారం ఇప్పించాలి' అని తీర్పు చెప్పేస్తాడు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు దూర్చడం సామాన్యమైన ప్రతిభ కాదు.

మొదటి తప్పు సూత్రాన్ని తలకిందులు చేయడం. సైనే తరువాత ఏ మాట ఉంటే అది లేదని అర్థం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే బట్టీ పట్టే పనే లేదు. డామ్నమ్ అంటే జరిగిన నష్టం, ఇంజూరియా అంటే చట్టం ఇచ్చిన హక్కుకు భంగం. ఇక్కడ నష్టం కళ్ళెదుట ఉంది, హక్కు భంగమే లేదు. కాబట్టి వర్తించేది డామ్నమ్ సైనే ఇంజూరియా, పరిహారం రాదు. ఈ తగువు కొత్తది కూడా కాదు. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి ఏలుతున్న కాలంలో, 1410లో, ఇంగ్లండులోని గ్లౌస్టర్‌లో ఇదే జరిగింది. పోటీ బడి రావడంతో పిల్లవాడికి మూడు నెలలకు 40 పెన్నీలుండే ఫీజు 12 పెన్నీలకు పడిపోయింది. పాత బడి పంతుళ్ళు కోర్టుకెక్కి ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. పిల్లలు తన దగ్గరే చదవాలన్న హక్కు ఏ పంతులుకూ లేదు.

రెండో తప్పు 'కావాలనే' అన్న మాట. సినిమాల్లో విలన్ ఉద్దేశానికి ఉన్న విలువ టార్ట్స్‌లో సాధారణంగా ఉండదు. బ్రాడ్‌ఫర్డ్ ఊరి నీటి సరఫరాకు చేరే భూగర్భ జలాన్ని పికిల్స్ అనే ఆసామి తన నేలలో తవ్వి మళ్ళించాడు. ఊరివాళ్ళు దిగివచ్చి తన భూమిని మంచి ధరకు కొనాలన్నది అతని ఎత్తు. అయినా 1895లో హౌస్ ఆఫ్ లార్డ్స్ అతనివైపే తీర్పు చెప్పింది. చేసిన పని చట్టబద్ధమైతే వెనకున్న దుర్బుద్ధి దాన్ని అక్రమం చేయదు. మొదటి రెండూ తప్పాక మూడోది, అంటే తీర్పు, తప్పకపోతే వింత.

కానీ ప్రశ్న రాసేవారూ అమాయకులు కారు. కొత్త మాస్టారు పాత మాస్టారి పేరే బోర్డు మీద వేసి పిల్లల్ని మోసగించాడనో, మనుషుల్ని పంపి బెదిరించాడనో చివర్లో ఒక ముక్క తగిలిస్తారు. అప్పుడది వట్టి పోటీ కాదు, హక్కు భంగం జరిగినట్టే, కథ మారిపోతుంది. ఎర్ర గీతల మీద ఉన్న శ్రద్ధలో కొంత ఆ చివరి వాక్యం మీద పెడితే మార్కులు కనిపిస్తాయి. లాటిన్ ఒక్కసారి రాసి, అర్థం ఒక వాక్యంలో చెప్పి, కేసు పేరు పెట్టి, మిగిలిన పేజీ అంతా ఆ మాస్టార్ల వ్యవహారానికి ఇవ్వాలి. ఈ సలహా లాటిన్ గౌరవానికి భంగమని నాకు తెలుసు.

విద్యార్థి తప్పుగా వాడిన ఇంజూరియా సైనే డామ్నో సూత్రాన్ని కూడా నిరుద్యోగిని చేయనవసరం లేదు. బీసెంట్ రోడ్డులో బట్టలు కొనడానికి వెళ్ళినవాణ్ణి దుకాణంవాడు అకారణంగా గదిలో పెట్టి తాళం వేశాడనుకోండి. పది నిమిషాల్లో వదిలేశాడు, పైసా పోలేదు, గాయమూ లేదు. అయినా దావా నిలుస్తుంది. 1703 నాటి యాష్‌బీ కేసులో ఓటరును ఓటు వేయనివ్వలేదు. అతను కోరుకున్న అభ్యర్థులే గెలిచారు, నష్టమేమీ లేదు, అయినా అతనిదే గెలుపు. ఇంజూరియా సైనే డామ్నో అంటే ఇదీ.

ఇది రాయగానే కొందరికి ఉత్సాహం పొంగుతుంది. బెంజి సర్కిల్ దగ్గర ఆటో ఒకటి వేగంగా వచ్చి, తగలకుండా, గీరుకోకుండా పక్క నుంచి వెళ్ళిపోయిందని అజాగ్రత్త మీద వచ్చే నెగ్లిజెన్స్ ప్రశ్నకూ ఇదే సూత్రం అతికిస్తారు. నష్టం నిరూపించనవసరం లేని సౌకర్యం అక్రమ నిర్బంధం, ట్రెస్‌పాస్ వంటి కొన్ని టార్ట్‌లకే ఉంది. నెగ్లిజెన్స్‌లో నష్టం చూపించక తప్పదు. కాబట్టి ఆటో తగలలేదని బాధపడేవారికి టార్ట్స్‌లో ప్రస్తుతానికి ఊరట లేదు.