స్ట్రోక్ పొడవైతే టార్క్ పెరుగుతుందా? ఒక 1197 సీసీ లెక్క

2024 మేలో కొత్త స్విఫ్ట్ వచ్చినప్పటి నుంచి రెండు వాదనలు వినీ వినీ విసుగొచ్చేసింది. ఒక వర్గం వాళ్లేమో "నాలుగు సిలిండర్లు తీసేసి మూడు పెట్టారు, ఇంజిన్ చిన్నది చేసి అదే రేటుకి అమ్ముతున్నారు" అంటారు. వాళ్లకి జవాబు చెప్పబోయిన రెండో వర్గమేమో "లేదు బ్రో, ఇది లాంగ్ స్ట్రోక్, టార్క్ దంచేస్తుంది" అంటుంది. ఇద్దరూ తప్పే. ఇద్దరి తప్పూ తేలడానికి కంపెనీ బ్రోషర్‌లోని నాలుగు అంకెలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

పాత స్విఫ్ట్‌లో ఉన్న కె12 ఇంజిన్ బోర్ 73 మి.మీ., స్ట్రోక్ 71.5 మి.మీ., నాలుగు సిలిండర్లు. కొత్త జెడ్12ఈ ఇంజిన్ బోర్ 74 మి.మీ., స్ట్రోక్ 92.8 మి.మీ., మూడు సిలిండర్లు. బోర్ అంటే సిలిండర్ లోపలి వ్యాసం. స్ట్రోక్ అంటే పిస్టన్ పై కొస నుంచి కింది కొసకి నడిచే దూరం. టార్క్ అంటే ఇంజిన్ షాఫ్ట్‌ని తిప్పే బలం.

```
సీసీ = 0.7854 × బోర్ × బోర్ × స్ట్రోక్ × సిలిండర్ల సంఖ్య
(బోర్, స్ట్రోక్ సెంటీమీటర్లలో వెయ్యాలి)

పాతది  = 0.7854 × 7.3 × 7.3 × 7.15 × 4 = 1197
కొత్తది = 0.7854 × 7.4 × 7.4 × 9.28 × 3 = 1197
```

సీసీ అక్షరాలా అంతే ఉంది. తగ్గింది సిలిండర్ల సంఖ్య, పెరిగింది ఒక్కో సిలిండర్ పరిమాణం: 299 సీసీ నుంచి 399కి. ఈ లెక్క వేసేటప్పుడు చాలామంది బోర్‌ని ఒక్కసారే గుణించి వదిలేస్తారు, లేదా బోర్‌నే వ్యాసార్థం అనుకుని నాలుగు రెట్ల జవాబు తెచ్చుకుంటారు. ఇంకొక సంగతి, పిస్టన్ పైకొచ్చి ఆగాక దాని నెత్తిన మిగిలే ఖాళీ, అంటే కంబస్షన్ చాంబర్, సీసీలోకి రాదు. పిస్టన్ ఊడ్చుకెళ్లే జాగాకే సీసీ లెక్క.

అసలు అందరూ ఈ 1197, 1199 దగ్గరే ఎందుకు ఆగుతారో కూడా చెప్పుకోవాలి. మన దేశంలో పెట్రోల్ కారు పొడవు 4 మీటర్లు, ఇంజిన్ 1200 సీసీ దాటకపోతేనే చిన్న కారు కింద తక్కువ పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లో ఉన్న జీఎస్టీ ప్రకారం ఆ గీత లోపలుంటే 18 శాతం, దాటితే 40. బైకులకు ఆ గీత 350 సీసీ దగ్గరుంది. కాబట్టి సీసీ ఎంత ఉండాలన్నది ఇంజినీర్ కంటే ముందు పన్నుల శాఖే తేల్చేసింది. ఆ 1197ని ఎన్ని ముక్కలుగా కొయ్యాలి, ఒక్కో ముక్కని పొడుగ్గా చెయ్యాలా వెడల్పుగా చెయ్యాలా అన్నదే ఇంజినీర్ చేతిలో మిగిలింది.

ఇక "లాంగ్ స్ట్రోక్ అంటే టార్క్" దగ్గరికి వద్దాం. నమ్మబుద్ధేసే మాటే. స్ట్రోక్ పెరిగితే పిస్టన్ తోపుతో షాఫ్ట్‌ని తిప్పే క్రాంక్ చెయ్యి పొడవవుతుంది, పొడవాటి స్పానర్‌తో నట్టు సులువుగా తిరిగినట్టు షాఫ్ట్ కూడా బలంగా తిరగాలి కదా అంటారు. కానీ ఆ స్పానర్‌ని నొక్కే చెయ్యి కూడా అదే బలంతో ఉంటేనే ఆ మాట నిజం. ఇక్కడ నొక్కేది మండిన వాయువు ఒత్తిడి, అది పడేది పిస్టన్ నెత్తి మీద. సీసీ మారకుండా స్ట్రోక్ పెంచాలంటే పిస్టన్ల వైశాల్యం తగ్గించక తప్పదు. పాత ఇంజిన్‌లో నాలుగు పిస్టన్ల వైశాల్యం కలిపితే 167 చదరపు సెం.మీ. కొత్తదాంట్లో మూడింటిదీ కలిపి 129. అంటే 23 శాతం తక్కువ. స్ట్రోక్ 30 శాతం ఎక్కువ. 0.77ని 1.30తో గుణించి చూడండి, ఒకటే వస్తుంది. చెయ్యి పొడవు ఇచ్చినదాన్ని పిస్టన్ వైశాల్యం పూర్తిగా లాగేసుకుంది.

కాగితం మీది లెక్క నమ్మకపోతే కంపెనీ ఇచ్చిన అంకెలు చూడండి. పాతది 4400 ఆర్‌పీఎం దగ్గర 113 న్యూటన్ మీటర్లు. కొత్తది 4300 దగ్గర 111.7. స్ట్రోక్ 21 మిల్లీమీటర్లకు పైగా పెరిగినా టార్క్ ఒక్క న్యూటన్ మీటర్ కూడా పెరగలేదు, కాస్త తగ్గింది కూడా. టార్క్‌ని తేల్చేవి రెండు: ఇంజిన్ మొత్తం సీసీ, ఆ సిలిండర్లలో సగటున ఎంత ఒత్తిడి పుట్టించగలుగుతున్నారన్నది. టర్బో పెడితే టార్క్ ఎగబాకేది ఆ రెండోదాన్ని పెంచడం వల్లే, స్ట్రోక్ వల్ల కాదు.

మరి టార్క్ కోసం కాకపోతే స్ట్రోక్ ఎందుకు పెంచినట్టు? పెట్రోల్ మిగల్చడానికి. మూడు సిలిండర్లలో ఒక్కో 399 సీసీ ముక్కని 85 మి.మీ. బోర్‌తో కూడా చెయ్యొచ్చు, అప్పుడు స్ట్రోక్ 70 చాలు. కంప్రెషన్ 13:1, అంటే లోపలి మిశ్రమాన్ని పదమూడో వంతుకి నొక్కడం అనుకుంటే, పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ 33 సీసీ. 74 బోర్‌లో ఆ ఖాళీ సగటున 7.7 మి.మీ. మందం ఉంటుంది. 85 బోర్‌లో అదే ఖాళీ పల్చగా పరుచుకుని 6 మి.మీ. కూడా ఉండదు. పల్చగా పరుచుకున్న మంట చుట్టూ లోహం ఎక్కువ, పుట్టిన వేడి పని చెయ్యకుండానే కూలెంట్‌లోకి పోతుంది. పైగా ప్లగ్ దగ్గర అంటుకున్న మంట అంచు దాకా పాకడానికి ఎక్కువ దూరం. అది చేరేలోపు అంచున ఉన్న మిశ్రమం తనంతట తానే పేలితే అదే నాకింగ్. బోర్ చిన్నదైతే ఈ రెండు తలనొప్పులూ తగ్గుతాయి. సిలిండర్ ఒకటి తగ్గడంతో ఒక పిస్టన్, దాని రింగులు, ఒక కనెక్టింగ్ రాడ్, నాలుగు వాల్వులు, ఒక మెయిన్ బేరింగ్ పోయాయి. వాటితో పాటు వాటి రాపిడీ పోయింది. మాన్యువల్ గేర్ కారుకి కంపెనీ చెప్పిన మైలేజీ 22.38 నుంచి 24.80కి పెరగడంలో ఈ మార్పులదీ గట్టి వాటా.

దీనికి చెల్లించిన మూల్యం పవర్‌లో కనిపిస్తుంది, దాని గురించి మాత్రం రెండు వర్గాలూ మాట్లాడవు. పాతది 6000 ఆర్‌పీఎం దగ్గర 90 పీఎస్, కొత్తది 5700 దగ్గర 82. వాల్వు ఎంత పెద్దది పెట్టొచ్చన్నది బోర్‌ని బట్టి ఉంటుంది. 73కీ 74కీ వాల్వు సైజు పెద్దగా మారదు, కానీ వాటి సంఖ్య 16 నుంచి 12కి పడింది. గాలి పీల్చే దారి సుమారు పాతిక శాతం తగ్గింది. దానికి తోడు పిస్టన్ ఒక్కో చుట్టుకీ ఎక్కువ దూరం పరిగెత్తాలి. పాతదాంట్లో 6000 దగ్గర సగటు పిస్టన్ వేగం సెకనుకు 14.3 మీటర్లు, కొత్తదాంట్లో 5700కే 17.6. హైవే మీద మూడో గేర్‌లో రెడ్‌లైన్ దాకా లాగి ఓవర్‌టేక్ చేసే అలవాటున్నవాళ్లకి పాత కారే హుషారుగా అనిపిస్తే అది భ్రమ కాదు.

బైకుల్లో ఇదే సంగతి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ది 72 బోర్, 85.8 స్ట్రోక్. 373 సీసీ పాత డ్యూక్ 390ది 89 బోర్, 60 స్ట్రోక్. క్లాసిక్ గరిష్ఠ పవర్ ఇచ్చే 6100 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ వేగం సెకనుకు 17.4 మీటర్లు. డ్యూక్ 9000 దగ్గర ఇచ్చేటప్పుడు 18. ఇద్దరి పిస్టన్లూ ఇంచుమించు ఒకే వేగంతో పరిగెడుతున్నాయి, స్ట్రోక్ పొట్టిదైన డ్యూక్ మాత్రం దాంతోనే 2900 చుట్లు ఎక్కువ తిరుగుతోంది. షార్ట్ స్ట్రోక్ అసలు లాభం అదీ. గరిష్ఠ టార్క్ కూడా డ్యూక్‌దే ఎక్కువ, 37కి 27. మరి క్లాసిక్ కింద నుంచి లాగుతుందన్న పేరు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ 27 కూడా 4000 దగ్గరే చేతికొస్తుంది, డ్యూక్‌ది 7000 దగ్గర. క్యామ్ టైమింగ్, బరువైన ఫ్లైవీల్, గేర్ నిష్పత్తులు అన్నీ తక్కువ ఆర్‌పీఎం కోసమే కూర్చారు. ఆ ఘనతంతా స్ట్రోక్ ఖాతాలో వేసేయడం అన్యాయం.

"ఇంజిన్ చిన్నదైపోయింది" అనేవాళ్లకి ఒక సంగతి. సీసీ వేరు, ఇంజిన్ ఆక్రమించే చోటు వేరు. సిలిండర్ ఒకటి తగ్గితే బ్లాక్ పొడవు ఒక బోరూ, పక్క బోరుకీ దానికీ మధ్యనుండే గోడా కలిపినంత తగ్గుతుంది. అడ్డంగా కూర్చునే ఇంజిన్‌లో ఇది గేర్‌బాక్స్‌కి చోటిస్తుంది. స్ట్రోక్ పెరిగినందుకు ఎత్తు మాత్రం పెరుగుతుంది. క్రాంక్ చెయ్యి పైకీ కిందికీ 10.65 మి.మీ. చొప్పున ఎక్కువ తిరుగుతుంది కదా, అంత జాగా కావాలి.

మూడు సిలిండర్ల మీద న్యాయంగా చెయ్యాల్సిన ఫిర్యాదు వైబ్రేషన్. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ప్రతి 180 డిగ్రీలకూ ఒక సిలిండర్ మండుతుంది, మూడింటిలో 240కి ఒకటి. 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో పాతది సెకనుకు సుమారు 27 సార్లు తోస్తే కొత్తది 20 సార్లే తోస్తుంది, ఒక్కో తోపూ ఇంకాస్త గట్టిగా. ఆ నెమ్మది అదురే సీటులోకి, స్టీరింగ్‌లోకి వస్తుంది. ఇంజిన్ ఈ కొస నుంచి ఆ కొసకి ఊగే గుణం కూడా మూడింటికి ఉంది. దీన్ని ఆపేది ఇంజిన్ మౌంటింగ్‌లు. అందుకే మూడు సిలిండర్ల కారు సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు ఏసీ వేసి, బ్రేక్ నొక్కి, రివర్స్ గేర్‌లో క్లచ్ నెమ్మదిగా వదలండి. డ్యాష్‌బోర్డ్ గడగడలాడినా, లోపల టక్కుమన్నా ముందు మౌంటింగ్ రబ్బర్లు చూడమనండి. ఇంజిన్ విప్పుదామనే మాట తర్వాత.

చివరగా, పాత బుల్లెట్‌కి "బోర్ చేయిస్తే సీసీ పెరిగి పవర్ వస్తుంది" అనే మెకానిక్ అన్నయ్యల కోసం. 346 సీసీ బుల్లెట్‌ది 70 బోర్, 90 స్ట్రోక్. ఏకంగా 1.00 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేసినా 71 బోర్‌తో వచ్చేది 356 సీసీ, అంటే మూడు శాతం కూడా పెరగలేదు. కంప్రెషన్ 8.5 నుంచి 8.7కి జరుగుతుంది, అంతే. బోర్ చేయించాక బండి కొత్తగా లాగుతోందంటే అరిగిన రింగుల పక్కనుంచి తప్పించుకునే కంప్రెషన్ ఆగింది కాబట్టి. అదీ పని సరిగ్గా చేస్తేనే. పిస్టన్ ముందు తెచ్చి, దాని స్కర్ట్‌ని మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతకి కంపెనీ చెప్పిన క్లియరెన్స్ కలిపి అప్పుడు బోర్ చెయ్యాలి. పిస్టన్ చూడకుండానే "71కి కొట్టేశా" అన్నారంటే బ్లాక్ వెనక్కి తీసుకోకండి. బిగువుగా ఉంటే వేడెక్కాక పిస్టన్ పట్టేస్తుంది. వదులైతే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే టకటకమని కొట్టుకుని, వేడెక్కే కొద్దీ ఆ చప్పుడు తగ్గుతుంది.