శబ్దం ఎక్కడ పుడుతుందో చూడకుండా రింగులు కొనకండి

కీబోర్డ్ గోల చేస్తోందని ఎవరైనా అనగానే అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: ఓ-రింగులు వేసెయ్. ఈ సలహా మీద నాకు నిజంగా కోపం ఉంది. నేనూ అదే నమ్మి ఒక సాయంత్రమంతా కూర్చుని 104 కీక్యాప్‌లు పీకి, ఒక్కోదానికి కింద రబ్బరు రింగు ఎక్కించాను. ఆ రాత్రే పక్క మంచం మీంచి మా రూమ్మేట్ "ఇంకా టకటకమంటూనే ఉందిరా" అన్నాడు.

వాడన్నది నిజమే. నాది బ్లూ స్విచ్‌ల కీబోర్డ్, అంటే ప్రతి కీక్యాప్ కింద ఉండే స్విచ్ నొక్కినప్పుడల్లా కావాలనే క్లిక్‌మనే రకం. ఒక కీని మెల్లగా, చాలా మెల్లగా నొక్కి చూడండి. బ్లూ స్విచ్‌లో 'క్లిక్' దారి మధ్యలోనే వస్తుంది, కీ అడుగుకు తగలకముందే. రింగు పనిచేసేది మాత్రం కీక్యాప్ కిందికి వచ్చి కొట్టుకునే చోట. అంటే ఆ క్లిక్‌కూ రింగుకూ సంబంధమే లేదు. ఇంకొకటి, వేలు తీయగానే కీ పైకి ఎగిరి స్విచ్ పైకప్పుకు తగిలి చేసే చప్పుడు. దాన్నీ రింగు ఆపలేదు. పైగా కీ దిగే లోతు కొంచెం తగ్గి, వేలికి మెత్తగా, బరువుగా అనిపిస్తుంది.

అసలు మందు సైలెంట్ లీనియర్ స్విచ్‌లు. వాటిలో క్లిక్ ఉండదు, కదిలే కాడకు చిన్న రబ్బరు ముక్కలు ఉంటాయి కాబట్టి కిందికి తగిలినా పైకి తగిలినా శబ్దం మెత్తబడుతుంది. నా బోర్డు హాట్‌స్వాప్ కాబట్టి టంకం పని లేకుండా మార్చుకోగలిగాను. మీది అలాంటిదో కాదో ముందే చూసుకోండి. మార్చాక 'కె' పనిచేయలేదు. టెన్షన్ పడి స్విచ్ పీకి చూస్తే రాగి కాలు ఒకటి వంగిపోయి ఉంది. ట్వీజర్‌తో సరిచేసి, ఈసారి అడ్డదిడ్డంగా కాకుండా నిటారుగా నొక్కితే పనిచేసింది.

అప్పుడు బయటపడింది స్పేస్‌బార్. మిగతావన్నీ సద్దుమణిగాక అదొక్కటే గలగలమంటుంది, ఎందుకంటే దాని కింద స్టెబిలైజర్ అనే తీగ ప్లాస్టిక్‌లో వదులుగా ఆడుతుంది. తీగ కొనలకు కొంచెం డైఎలక్ట్రిక్ గ్రీజు పూస్తే ఆ గలగల చాలా తగ్గింది.

వీడియో కాల్స్‌లో మాత్రం ఇంకా 'ధబ్ ధబ్' వినిపిస్తోందన్నారు. కీబోర్డ్ కింద మడిచిన తువ్వాలు పెట్టి టైప్ చేస్తూ, ఫోన్‌లో కాకుండా కాల్‌లో వాడే మైకుతోనే రికార్డ్ చేశాను. తేడా స్పష్టంగా తెలిసింది. నా మైకు స్టాండ్ అదే బల్ల మీద ఉంది, అదురు చెక్క గుండా నేరుగా దానికి చేరుతోంది. తువ్వాలు స్థానంలో 4 మి.మీ. మందం డెస్క్ మ్యాట్ పరిచాను, సరిపోయింది. తువ్వాలుతో తేడా రాకపోతే మ్యాట్‌తోనూ పెద్దగా రాదు, ఆ డబ్బు స్విచ్‌లకు పెట్టండి.

రింగులన్నీ తీసేశాను. సైలెంట్ స్విచ్‌ల మీద అవి ఉంటే కీలు బురదలో దిగినట్టు ఉంటాయి.